క్యూలో అన్నిటికంటే పాత పని వయసెంత? ముందు అది కొలవండి

విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో పెట్టిన ఆక్సిజన్ సెన్సర్ల నుంచి రీడింగులు తీసుకుని, నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అంటే డీఓ తగ్గితే రైతు ఫోనుకి మెసేజీ పంపే సాఫ్ట్‌వేర్ మాది. నెల్లూరులో చిన్న ఆఫీసు. పంపాల్సిన ప్రతి మెసేజీ ముందు ఒక క్యూలో చేరుతుంది, వెనక నడిచే వర్కర్ దాన్ని తీసుకుని ఎస్సెమ్మెస్ గేట్‌వేకి అందిస్తుంది. ఒకరోజు పొద్దున్నే ఒక రైతు ఫోన్ చేశాడు.

"కరెంటు మూడుకే పొయ్యింది నాయనా. మీ మెసేజీ ఏడుకొచ్చింది. కాపలా పిల్లోడు మెలకువగా ఉండబట్టి జనరేటర్ వేశాడు, లేకుంటే గుంట మొత్తం పొయ్యేది."

తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ ఎటూ అడుగంటి ఉంటుంది. వెలుతురు లేక నాచు ఆక్సిజన్ తయారుచెయ్యదు, పైగా రాత్రంతా అదీ పీల్చుకుంటూనే ఉంటుంది. ఆ వేళకి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే డీఓ 3 పీపీఎం కిందికి జారడానికి ఎక్కువసేపు పట్టదు. అలాంటప్పుడు నాలుగు గంటలు ఆలస్యమైన మెసేజీ పంపినట్టూ కాదు, పంపనట్టూ కాదు.

నేను వెంటనే క్యూ గ్రాఫ్ తెరిచాను. రాత్రంతా క్యూలో ఉన్న పనులు ఎప్పుడూ 9 దాటలేదు. మేం పెట్టుకున్న అలారం 500 దగ్గర మోగుతుంది, కాబట్టి అది మోగలేదు. సగటు ఆలస్యం చూపించే గ్రాఫ్ పొద్దున ఏడు దాకా 6 సెకన్ల దగ్గర తిన్నగా ఉంది. రాత్రంతా రెండు గ్రాఫులూ పచ్చగా ఉన్నాయి, మధ్యలో రైతు మెసేజీ నాలుగు గంటలు ఇరుక్కుని ఉంది. ఆ రాత్రి ఏం జరిగిందో విప్పి చూస్తే, క్యూ ఆరోగ్యం చెప్పే మూడు కొలతలు, అంటే అన్నిటికంటే పాత పని వయసు, ఎన్ని పనులు ఆగి ఉన్నాయో చెప్పే లోతు, ఆలస్యం, ఒక్కొక్కటి ఏం చెబుతాయో, ఏం చెప్పలేవో తెలిసొచ్చింది. మీ క్యూకి ఈ మూడూ ఎలా పెట్టుకోవాలో అదే వరుసలో చెబుతాను.

ముందు ఆ రాత్రి కథ పూర్తిగా

రాత్రిళ్లు పని తక్కువని ఒకే వర్కర్ నడిచేది. పొద్దున 7 కి ఇంకో మూడు మొదలయ్యేవి. 2:50 కి ఒక మెసేజీ క్యూలోకి వచ్చింది. ఆ రైతు ఫోన్ నంబరు గడిలో ఎవరో రెండు నంబర్లు మధ్యలో అడ్డగీత పెట్టి రాశారు. ఆ నంబరు చూసిన గేట్‌వే అవుననీ అనదు, కాదనీ అనదు. 30 సెకన్లు ఊరకే ఉండి కనెక్షన్ తెంపేస్తుంది. మా వర్కర్ ఆ పనిని మళ్లీ క్యూలో పెట్టి, అన్నిటికంటే పాతది ఏదా అని చూసి, మళ్లీ దాన్నే తీసుకునేది. 2:50 నుంచి 7 దాకా 250 నిమిషాలు, నిమిషానికి రెండు సార్లు, దగ్గర దగ్గర 500 సార్లు అదే పని. దాని వెనక 3:12 కి వచ్చిన ఆక్సిజన్ మెసేజీ నిలబడే ఉంది. 7 కి మిగతా వర్కర్లు లేచి, వెనకవన్నీ నిమిషంలో పంపేశాయి. అప్పటిదాకా మాకు మాత్రం ఏమీ జరగనట్టే కనిపించింది.

వడ్ల కాలంలో మిల్లు ముందు ట్రాక్టర్లు బారు తీరడం మీరు చూసే ఉంటారు. కాటా దగ్గర ముందున్న బండి టైరు పేలి ఆగిపోతే వెనక ఎనిమిది బండ్లే ఉన్నా వాటికి దారి లేదు. గేటు దగ్గర నిలబడి బండ్లు లెక్కపెట్టేవాడికి తొమ్మిదే కదా అనిపిస్తుంది. ముందు బండి డ్రైవర్‌ని ఎప్పుడొచ్చావని అడిగితేనే సంగతి బయటపడుతుంది.

మొదటి అడుగు: ప్రతి పనికీ సరైన టైములు రాయండి

టైములు సరిగ్గా లేకపోతే తర్వాత ఏ కొలతా నమ్మలేం. మా క్యూ పోస్ట్‌గ్రెస్‌లో ఒక టేబుల్. వర్కర్లు `FOR UPDATE SKIP LOCKED` తో పనులు తీసుకుంటాయి. మీది వేరే రకమైనా, ఈ టైములు మాత్రం ఎక్కడో ఒకచోట ఉండాలి.

`due_at` అంటే ఈ పని ఎప్పుడు జరిగి ఉండాలి అన్న టైము. వెంటనే జరగాల్సినదైతే క్యూలో చేరిన టైమే. ఒకసారి రాశాక దీన్ని ఎవ్వరూ మార్చకూడదు. `next_try_at` అంటే విఫలమైతే మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలో. `done_at` అంటే ఎప్పుడు పూర్తయిందో. ఇక మీద ఎవరూ ప్రయత్నించొద్దని పక్కన పెట్టేసిన వాటికి `dead_at`.

మొదటి రెండూ వేరువేరుగా ఎందుకంటే, చాలామంది ఒకే గడి పెట్టుకుని, పని విఫలమైన ప్రతిసారీ దాన్ని ఐదు నిమిషాలు ముందుకి జరుపుతారు. అప్పుడు ఆ పని ప్రతిసారీ కొత్తగా పుట్టినట్టే కనిపిస్తుంది. మూడు రోజులుగా చెడుతున్న పని వయసు కూడా రెండు నిమిషాలని చూపిస్తుంది. వయసు కొలిచేది ఎప్పుడూ `due_at` నుంచి, మళ్లీ ప్రయత్నించేది `next_try_at` చూసి.

ఇంకో సంగతి. ఈ టైములు డేటాబేస్ గడియారంతోనే రాయించండి. గుంట దగ్గరి సెన్సర్ పంపిన టైమును `due_at` కింద వాడొద్దు. టవర్ పోయి రెండు గంటల తర్వాత వచ్చిందనుకోండి, పాత రీడింగులన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. మీ క్యూ తప్పేమీ లేకుండానే వయసు రెండు గంటలని అలారం మోగుతుంది. రీడింగు తీసిన టైముకి వేరే గడి పెట్టుకోండి. అది రైతుకి చెప్పడానికి పనికొస్తుంది.

రెండో అడుగు: పాత పని వయసు, దానితోపాటే లోతు

ఈ రెండూ ఒకే ప్రశ్నతో వచ్చేస్తాయి.

```sql
SELECT kind,
       count(*) AS depth,
       max(now() - due_at) AS oldest
FROM jobs
WHERE done_at IS NULL
  AND dead_at IS NULL
  AND due_at <= now()
GROUP BY kind;
```

`due_at <= now()` అన్న వరస వదిలేయకండి. రేపు పొద్దున 9 కి పంపాల్సిన ధరల మెసేజీలు ఈ రాత్రే క్యూలో వేసి ఉంచితే, అవి ఆలస్యమైనవి కావు, టైము రానివి. వాటిని కలిపితే లోతు ఊరికే ఉబ్బుతుంది. అలాగే వర్కర్ చేతిలో ఇప్పుడు ఉన్నవి కూడా ఈ లెక్కలోకి రావాలి. చేతిలోకి తీసుకోగానే లెక్కలోంచి తీసేస్తే, మా చెడ్డ మెసేజీ లాగా చేతిలోనే ఇరుక్కున్నది మీకు కనిపించదు.

`kind` వారీగా విడదీయడం కూడా అంతే ముఖ్యం. ఆక్సిజన్ మెసేజీలూ ధరల మెసేజీలూ ఒకే లెక్కలో ఉంటే రెంటిలో దేనికీ సరైన హద్దు పెట్టలేం. ధరలు గంట ఆలస్యమైనా రైతు అడగడు. ఆక్సిజన్‌కి గంట అంటే పంట.

ఒక చిక్కు ఉంది. క్యూ ఖాళీగా ఉంటే ఈ ప్రశ్నకి ఒక్క వరస కూడా రాదు. డేటాబేస్‌కి కనెక్షన్ దొరకనప్పుడూ ఏమీ రాదు. ఈ రెండూ ఒకటి కావు. ప్రశ్న సరిగ్గా నడిచి వరసలు రాకపోతేనే సున్నా అని రాయండి. ప్రశ్నే నడవకపోతే దాన్ని అలారంగా తీసుకోండి.

ఇక ఆ వయసు గ్రాఫ్‌ని చదవడం. విలువ ఎంత ఉందో అందరూ చూస్తారు, గీత ఏటవాలు కూడా చూడండి. వయసు నిమిషానికి సరిగ్గా నిమిషం చొప్పున పెరుగుతుంటే, ముందున్న పని కదలడం లేదని అర్థం. వర్కర్ చచ్చిపోయి ఉండాలి, లేదా ఒకే పని దగ్గర ఇరుక్కుని ఉండాలి. ఆ రాత్రి వయసు గీత గనక గీసి ఉంటే 2:50 నుంచి 7 దాకా అలాగే నిటారుగా ఎక్కేది.

అదే వయసు పెరుగుతోంది గాని నెమ్మదిగా, నిమిషానికి 20 సెకన్ల చొప్పున అనుకోండి. అప్పుడు పని జరుగుతూనే ఉంది, వచ్చే వేగానికి చాలడం లేదు. ఎంత చాలడం లేదో కూడా ఈ గీతే చెబుతుంది. నిమిషానికి 60 వస్తూ 40 మాత్రమే పూర్తవుతుంటే, మూడింట ఒక వంతు వెనకబడుతున్నాం. వరుస తప్పకుండా తీసే క్యూలో వయసు కూడా నిమిషానికి మూడో వంతు, అంటే 20 సెకన్లు పెరుగుతుంది. నిటారు గీతకి మందు ఇరుక్కున్నదాన్ని తీసేయడం. వాలు గీతకి మందు వర్కర్లు పెంచడం. మొదటి రోగానికి రెండో మందు వేస్తే వెనకవి పక్కనుంచి పోతాయి గాని, ఇరుక్కున్నది ఇరుక్కునే ఉంటుంది.

మూడో అడుగు: లోతును నిమిషాల్లోకి మార్చుకోండి

క్యూలో 6,000 ఉన్నాయంటే మంచిదా చెడ్డదా? ఆ అంకె ఒక్కటే చూసి చెప్పలేం. మా దగ్గర రోజూ పొద్దున 9 కి కిలోకి ఎన్ని తూగుతాయన్న కౌంటు వారీగా రొయ్య ధరలు పంపుతాం. ఒక్క క్షణంలో లోతు 6,000 కి లేస్తుంది. అది మామూలే. లోతు మీద గట్టి హద్దు పెడితే రోజూ 9 కి అలారం మోగుతుంది, పదిరోజుల్లో ఎవరూ దాన్ని పట్టించుకోరు. మేం 500 పెట్టింది ధరల్ని వేరే క్యూగా లెక్కించక ముందు. 9 గంటల అలారం అలవాటై, దాన్ని 9 నుంచి 11 దాకా ఆపేసి, ఇంక సరిపోయిందనుకున్నాం.

లోతు చూసినప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న, ఇది ఎప్పటికి ఖాళీ అవుతుంది అని. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. వర్కర్లన్నీ కలిసి నిమిషానికి 100 పంపుతాయి కాబట్టి 6,000 ని 100 తో భాగించి గంట అనేస్తారు. ఆ గంటలో కొత్తవి రావడం ఆగదు కదా. నిమిషానికి 40 కొత్తవి వస్తుంటే పాత బాకీ తీరేది నిమిషానికి 60 చొప్పునే. 6,000 ని 60 తో భాగిస్తే 100 నిమిషాలు. అదే నిమిషానికి 95 వస్తుంటే మిగిలేది 5. అప్పుడు 1,200 నిమిషాలు, అంటే 20 గంటలు. క్యూ అదే, వర్కర్లు అవే, కొత్తవి వచ్చే వేగం మారినందుకు గంటన్నర పని రేపటికి పోయింది. వచ్చేవి 100 దాటితే ఇక ఎప్పటికీ తీరదు.

ఈ లెక్క కోసం లోతుతోపాటు నిమిషానికి ఎన్ని వచ్చాయో, ఎన్ని పోయాయో కూడా గీయాలి. అలా గీస్తే ఇంకో ప్రమాదం కూడా దొరుకుతుంది. లోతు సున్నా, వయసు సున్నా, అంతా ప్రశాంతం. కాని కొత్తవి కూడా సున్నా. అంటే క్యూలో పని వేసేదే ఆగిపోయింది. గుంటల దగ్గరి సెన్సర్ పెట్టె కరెంటు లేక ఆగినా, మా రీడింగులు తీసుకునే ప్రోగ్రాం పడిపోయినా క్యూ ఇలాగే కనిపిస్తుంది. ఆక్సిజన్ మెసేజీలు రాత్రంతా రాకపోవడం మామూలే కాబట్టి, అక్కడ మేం గంటకొకటి చొప్పున ఒక ఉత్తుత్తి మెసేజీ మా ఆఫీసు ఫోనుకే వేయిస్తాం. అది రాకపోతే ముందు వైపు చూస్తాం.

నాలుగో అడుగు: ఆలస్యం, దాని గుడ్డితనం

ఆలస్యం అంటే పూర్తయిన పని, జరగాల్సిన టైముకి ఎంతసేపు తర్వాత పూర్తయింది అన్నది. రైతు అనుభవించేది ఇదే కాబట్టి దీన్ని కొలవాల్సిందే.

```sql
SELECT kind,
       count(*) AS finished,
       percentile_cont(0.95) WITHIN GROUP
         (ORDER BY done_at - due_at) AS lag_p95
FROM jobs
WHERE done_at > now() - interval '5 minutes'
GROUP BY kind;
```

సగటు వాడకండి. 95 మెసేజీలు రెండు సెకన్లలో పోయి, ఐదు మెసేజీలు పది నిమిషాలు ఆగితే సగటు అరనిమిషమే చూపిస్తుంది. పైన రాసిన `lag_p95` నూటికి తొంభై ఐదు మంది ఎంతలోపు అందుకున్నారో చెబుతుంది. ఆ మిగతా ఐదుగురి సంగతి వయసు గీతలో దొరుకుతుంది.

దీని లోపం ఏమిటంటే, ఇది పూర్తయిన పనుల్నే లెక్కిస్తుంది. ఏదీ పూర్తి కాకపోతే లెక్కించడానికి ఏమీ లేదు. ఆ రాత్రి 2:50 తర్వాత ఒక్కటీ పూర్తి కాలేదు, కాబట్టి కొత్త విలువ రాలేదు. మా గ్రాఫ్ విలువ లేనప్పుడు పాత విలువనే పొడిగించి గీసేది, అందుకే 6 సెకన్ల దగ్గర తిన్నగా ఉంది. మీ గ్రాఫ్‌లో ఆ పొడిగింపు ఉంటే ఈరోజే తీసేయండి, ఖాళీ ఖాళీగానే కనిపించాలి. పైన `finished` అని అడిగింది కూడా అందుకే. వయసు పెరుగుతూ ఈ ప్రశ్నకి వరసే రాకపోతే, అంటే `finished` సున్నా అయితే, ఇక వేరే ఆధారం అక్కర్లేదు.

మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే రోగం దానంతటదే తేలుతుంది. లోతు, వయసు, ఆలస్యం మూడూ కలిసి మెల్లగా పెరుగుతుంటే శక్తి చాలడం లేదు. ఆలస్యం బాగానే ఉండి వయసు ఒక్కటే ఎక్కుతుంటే, మిగతావి పక్కనుంచి పోతున్నాయి, ఏదో ఒకటి ఇరుక్కుంది. పొద్దున 7 తర్వాత మా క్యూ సరిగ్గా ఇలాగే ఉంది: మూడు వర్కర్లు చకచకా పంపేస్తుంటే నాలుగోది ఆ చెడ్డ నంబరుతోనే ఉంది. లోతు తక్కువగా ఉండి ఆలస్యం మాత్రం పెరిగితే, క్యూలో నిలబడడం వల్ల కాదు, పని చేయడానికే ఎక్కువసేపు పడుతోంది. అప్పుడు గేట్‌వే వైపు చూడాలి.

ఐదో అడుగు: హద్దులు వెనక నుంచి లెక్కపెట్టండి

హద్దును గ్రాఫ్ చూసి పెట్టొద్దు, నష్టం చూసి పెట్టండి. మా లెక్క ఇది. కాపలా మనిషి ఫోన్ చూసుకుని, లేచి, గట్టు మీద నడిచి జనరేటర్ వేయడానికి 15 నిమిషాలు ఇచ్చాం. సెన్సర్ 5 నిమిషాలకోసారి రీడింగు ఇస్తుంది. రైతులతో మాట్లాడి, ఏరేటర్లు ఆగాక అరగంటలోపు మళ్లీ తిరగాలని పెట్టుకున్నాం. అరగంటలో ఆ 20 పోతే 10 మిగిలింది. మేం నిద్ర లేచి సరిచేయడానికి 8 కావాలి. కాబట్టి ఆక్సిజన్ మెసేజీల వయసు 2 నిమిషాలు దాటితే ఫోన్ మోగేలా పెట్టాం. ధరల మెసేజీలకి 2 గంటలు, అదీ పగలే, అదీ ఈమెయిల్ మాత్రమే. లోతు మీద ఇప్పుడు మాకు నిద్ర లేపే అలారం లేదు, గ్రాఫ్ మాత్రం ఉంది.

ఆరో అడుగు: చెడ్డ పనిని పక్కకి తీయండి, తీసినవాటినీ కొలవండి

ఇప్పుడు మా వర్కర్ ఐదు సార్లు ప్రయత్నిస్తుంది. ప్రతిసారీ కొంత ఎడం ఇస్తుంది, ఆ ఎడంలో వెనకవాటికి దారి దొరుకుతుంది. ఐదోసారీ చెడితే `dead_at` రాసి పక్కన పెడుతుంది. దాంతో క్యూ కదులుతుంది, కాని పక్కన పెట్టినదీ ఒక రైతు మెసేజీయే. వయసు లెక్కలోంచి అది తప్పుకుంది కాబట్టి, `dead_at` ఉన్న ఆక్సిజన్ మెసేజీ ఒక్కటి కనిపించినా వెంటనే మాకు ఫోన్ వచ్చేలా వేరే అలారం ఉంది.

అమెజాన్ ఎస్‌క్యూఎస్ వాడేవాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా చూసుకోవాలి. అందులో వయసు కొలత `ApproximateAgeOfOldestMessage` సిద్ధంగానే దొరుకుతుంది. అయితే స్టాండర్డ్ రకం క్యూలో ఒక మెసేజీని మూడుసార్లో అంతకంటే ఎక్కువో తీసుకుని పూర్తి చేయకపోతే, దాన్ని వెనక్కి నెట్టి, ఆ కొలతలోంచి వదిలేసి, దాని తర్వాతి దాని వయసు చూపిస్తుంది. మాకు వచ్చిన లాంటి రోగం అందులో వయసు గీతకి చిక్కకపోవచ్చు. అందుకని చెడిన మెసేజీలు వేరే క్యూలోకి పోయేలా పెట్టుకుని, ఆ క్యూ లోతు సున్నా దాటగానే అలారం పెట్టుకోండి. మెసేజీని ఉంచే గడువు మామూలుగా 4 రోజులు, పెంచుకుంటే 14 రోజుల దాకా. వయసు ఆ గడువుకి దగ్గరపడితే మెసేజీ ఆలస్యం కావడం కాదు, చెరిగిపోతుంది.

ఏడో అడుగు: అలారం వేరే దారిన పోవాలి, కావాలని ఒకసారి చెడగొట్టి చూడాలి

మా 500 అలారం ఆ రాత్రి మోగి ఉన్నా మాకు అందేది కాదు. అది కూడా అదే క్యూలో ఒక ఎస్సెమ్మెస్‌గా చేరి, ఆ చెడ్డ నంబరు వెనక పదోదిగా నిలబడి ఉండేది. ఇప్పుడు పై రెండు ప్రశ్నల్నీ వేరే మిషన్ మీద క్రాన్ నిమిషానికోసారి అడుగుతుంది. హద్దు దాటితే క్యూతో గాని, ఆ గేట్‌వేతో గాని సంబంధం లేని వేరే కంపెనీ ద్వారా ఫోన్ కాల్ చేస్తుంది.

ఇవన్నీ పెట్టాక ఒక మధ్యాహ్నం, గుంటల్లో ఆక్సిజన్ బాగా ఉండే వేళ చూసి, రైతులకి ముందే చెప్పి, వర్కర్‌ని ఆపేశాం. ఒక ఉత్తుత్తి ఆక్సిజన్ మెసేజీ వేసి గడియారం చూస్తూ కూర్చున్నాం. వయసు గీత నిటారుగా ఎక్కింది, ఆలస్యం గీత తెగిపోయింది, లోతు 1 దగ్గరే ఉంది. 2 నిమిషాల 40 సెకన్లకి నా ఫోన్ మోగింది. ఆ 40 సెకన్లు క్రాన్ నిమిషానికోసారి మాత్రమే చూడడం వల్ల వచ్చినవి, అందుకని హద్దుని ఒక నిమిషానికి తగ్గించాం. తర్వాత వర్కర్‌ని నడిపి, ఈసారి అడ్డగీత ఉన్న నంబరు వేశాం. ఐదుసార్లు ప్రయత్నించి పక్కన పెట్టింది, దాని వెనక వేసిన మంచి మెసేజీ మొదటి ఎడంలోనే పోయింది. ఆ సాయంత్రం రైతుల జాబితా మొత్తం వెతికితే అలాంటి అడ్డగీత నంబర్లు ఇంకో నాలుగు దొరికాయి.